నాలుగు పెట్టెలు, తొంభై రెండు కిలోలు

ఒక పెట్టె 21 కిలోలు, ఇంకొకటి 25 కిలోలు. రెండూ కలిపితే 46. టికెట్టు ప్రకారం ఒక్కొక్కటి 23 చొప్పున రెండు పెట్టెలు తీసుకెళ్లొచ్చు, అదీ 46 కిలోలే. లెక్క సరిపోయిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. అమెరికా విమానం కౌంటర్ దగ్గర మాత్రం రెండో పెట్టె రెండు కిలోలు ఎక్కువైందని పక్కకు తీయిస్తారు. కూడిక తప్పు కాదు. అక్కడ కూడమని ఎవరూ అడగలేదు, అంతే.

విమానాల్లో లగేజీని రెండు రకాలుగా కొలుస్తారు. గల్ఫ్ వెళ్లే విమానాల్లో చాలావాటికి మొత్తం బరువే లెక్క. టికెట్టు మీద 30K అనో 30KG అనో ఉంటుంది. అంటే మనిషికి ముప్పై కిలోలు. ఒక పెట్టెలో 18, ఇంకో దాంట్లో 12 పెట్టుకున్నా పర్వాలేదు. ఎన్ని పెట్టెలు అనేదానికి మాత్రం హద్దు ఉండొచ్చు. ఒకే టికెట్టు మీద వెళ్లే భార్యాభర్తల వాటాను కలిపి 60గా చూసే కంపెనీలూ చాలానే ఉన్నాయి. అలా కలుపుతారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా కనిపించే 15 కిలోలు కూడా మొత్తం బరువు మీద పెట్టిన హద్దే.

అమెరికా, కెనడా వెళ్లే విమానాలది వేరే పద్ధతి. టికెట్టు మీద 2PC అని ఉంటుంది. PC అంటే పీసు, అంటే పెట్టె. ఎకానమీలో మామూలుగా ఒక్కో పెట్టెకు 23 కిలోల హద్దు. ఒక దాంట్లో మిగిలిన ఖాళీ ఇంకో దానికి పనికిరాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని కూడా ఉంటుంది. కొలిచేటప్పుడు చక్రాలనూ పిడినీ వదిలేయకూడదు. ఏ పద్ధతిలోనైనా 32 కిలోలు దాటిన పెట్టెను సాధారణంగా తీసుకోరు. వాటిని విమానంలోకి ఎత్తేది మనుషులే. వాళ్ల నడుములు దెబ్బతినకుండా పెట్టిన హద్దు అది. డబ్బు కడతామన్నా ఒప్పుకోరు.

కాబట్టి త్రాసు తీయకముందే టికెట్టు తీయాలి. K ఉంటే మొత్తం కూడాలి, PC ఉంటే ఒక్కో పెట్టెను విడిగా చూడాలి. లోకల్ విమానానికీ విదేశీ విమానానికీ వేరువేరుగా టికెట్లు కొన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. విజయవాడ నుంచి ఢిల్లీ దాకా 15 కిలోల టికెట్టు, ఢిల్లీ నుంచి అమెరికాకు 2PC టికెట్టు అయితే, మొదటి కౌంటర్ దగ్గర లెక్క 15 కిలోలే. మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉంటే సాధారణంగా విదేశీ హద్దే మొదటి నుంచి చివరి దాకా వర్తిస్తుంది.

ఇక తూకం. చాలా ఇళ్లలో ఉండేది మనుషులు బరువు చూసుకునే మిషనే. పెట్టెను నేరుగా దాని మీద పెడితే అంకెలు పెట్టె కింద దాగిపోతాయి. కనబడాలని కొంచెం పక్కకు జరిపితే ఒక మూల నేలకు ఆని బరువు తక్కువ చూపిస్తుంది. అందుకే ముందు మనిషి ఒక్కడే ఎక్కి చూసుకుని, తర్వాత పెట్టె పట్టుకుని ఎక్కి, రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తారు. ఈ తీసివేతలో ఒక లాభం ఉంది. మిషను ఖాళీగా ఉన్నప్పుడే అరకిలో చూపిస్తుందనుకోండి, ఆ అరకిలో రెండుసార్లూ వస్తుంది, తీసివేతలో పోతుంది. మిషనును తివాచీ మీదో పరుపు మీదో కాకుండా గచ్చు మీద పెట్టాలి. ముల్లు తిరిగే పాత రకం మిషన్లతో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. గీతకూ గీతకూ మధ్య కిలో తేడా ఉంటే, ఒక్కోసారి అరకిలో చొప్పున రెండుసార్లూ పొరబడే వీలుంది.

తీసివేతతో పోని తప్పు ఒకటుంది. కొన్ని మిషన్లు బరువు పెరిగేకొద్దీ వరసగా తక్కువ చూపిస్తూ పోతాయి. దీన్ని పట్టుకోవడానికి మన ఇళ్లలో బియ్యం బస్తాను మించిన సాధనం లేదు. పాతిక కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 2022లో జీఎస్టీ పడ్డాక 26 కిలోల బస్తాలు మార్కెట్లోకి వచ్చాయి. మన పెట్టె బరువుకు దగ్గరగా ఉండేది అదే. విప్పని బస్తా ఒకటి తీసుకోండి. మనిషి ఒక్కడే ఎక్కితే 62.3 వచ్చింది. బస్తా ఎత్తుకుని ఎక్కితే 87.6 వచ్చింది. తేడా 25.3. బస్తాలో బియ్యమే 26 కిలోలు, సంచి బరువు మరో వంద గ్రాములు అనుకున్నా 26.1 రావాలి. అంటే ఈ మిషను ఇంత బరువు దగ్గర 800 గ్రాములు తక్కువ చూపిస్తోంది. దీని మీద 22.5 చూపించిన పెట్టె ఎయిర్‌పోర్టులో 23.2 దగ్గర తేలుతుంది. ఇంట్లో కనపడకుండా కౌంటర్ దగ్గర మొలుచుకొచ్చే కిలో చాలాసార్లు ఇదే.

కొక్కేనికి తగిలించి ఎత్తే చిన్న డిజిటల్ త్రాసులు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. పెట్టె ఊగుతూ ఉంటే అంకె నిలవదు. చేతులు అలసిపోయి, కనిపించిన అంకెల్లో తక్కువది చూసి దించేయడం మనిషి నైజం. పిడి కింద నుంచి ఒక కర్ర పెట్టి ఇద్దరు ఎత్తితే స్థిరంగా నిలుస్తుంది. దీన్ని కూడా ఒకసారి బియ్యం బస్తాతో సరిచూడాలి. ఇవేవీ నమ్మకం లేకపోతే వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకెళ్లండి. బస్తాలు తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. నన్నడిగితే అదే అన్నిటికన్నా మేలు. కాకపోతే పెట్టెలు మోసుకెళ్తుంటే ఎక్కడికి ప్రయాణమని వీధంతా అడుగుతుంది, అందరికీ జవాబు చెప్పుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. తెనాలి నుంచి డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి ఒక దంపతులు వెళ్తున్నారనుకుందాం. ఇద్దరికీ కలిపి నాలుగు పెట్టెలు, ఒక్కోదానికి 23. కిరాణా కాటా మీద పెడితే వరసగా 22.4, 23.9, 21.8, 24.1 వచ్చాయి. మొత్తం 92.2. హద్దు 92. పైకి చూస్తే రెండు వందల గ్రాముల పనే.

కానీ సరిగ్గా 23 దగ్గర ఆపడం అమాయకత్వం. ఆ కాటాకూ ఎయిర్‌పోర్టు కాటాకూ వంద రెండొందల గ్రాముల తేడా ఉండొచ్చు. తాళాలు, పేరు రాసిన చీటీలు, పైన చుట్టించే ప్లాస్టిక్కు ఇంకా ఎక్కలేదు. అందుకని ఒక్కో పెట్టెను 22.5 దగ్గర ఆపుదాం. నాలుగింటికీ కలిపి 90. అంటే తీయాల్సింది రెండొందల గ్రాములు కాదు, 2.2 కిలోలు. పెట్టెలు విప్పి సర్దడం మొదలుపెట్టే ముందే ఈ మొత్తం కూడి చూడటం అవసరం. మొత్తమే 90 దాటితే, అటుదిటూ ఇటుదటూ ఎంతసేపు మార్చినా ఏదో ఒక పెట్టె బరువుగానే ఉంటుంది. మొత్తం కూడకుండా రాత్రి పన్నెండు దాకా సర్దే ఇళ్లు చాలా ఉన్నాయి.

రెండో పెట్టెలోంచి 1.4, నాలుగో దాంట్లోంచి 1.6 తీయాలి. మొత్తం మూడు కిలోలు బయటికొచ్చాయి. మొదటి దాంట్లో వంద గ్రాములకు, మూడో దాంట్లో ఏడొందల గ్రాములకు చోటుంది. ఆ 800 గ్రాములు అక్కడ సర్దితే 2.2 కిలోలు చేతిలో మిగిలాయి. ఇవి చేతి సంచిలోకి వెళ్లొచ్చు, అక్కడ చోటుంటే. చేతి సామానుకూ హద్దు ఉంటుంది, చాలా కంపెనీల్లో మనిషికి 7 కిలోలు. దాన్ని కూడా తూచే ఉంచుకోవాలి.

ఏ 2.2 కిలోలు అన్నదే అసలు చిక్కు. ఆవకాయ, గోంగూర లాంటి నూనె పచ్చళ్లు చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆగిపోతాయి. అవి పెద్ద పెట్టెల్లోనే ఉండాలి. పవర్ బ్యాంకుది తలకిందుల సంగతి. అది పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. అందుకని బయటికి తీసేవి పట్టుచీరలో, పుస్తకాలో, ఇత్తడి కుందులో కావాలి. ఇవి చోటు తక్కువ ఆక్రమిస్తాయి, బరువు ఎక్కువ తూగుతాయి. పెట్టె నిండా ఉబ్బి కనిపించే అప్పడాలూ వడియాలూ తీసేస్తే ఖాళీ కనిపిస్తుంది గానీ బరువు అంతగా దిగదు. పెట్టె సొంత బరువు కూడా చూడండి. గట్టి పైకప్పున్న పెద్ద పెట్టెలు నాలుగైదు కిలోలు ఉంటాయి. మూడు కిలోల గుడ్డ పెట్టె వాడితే ఆ మేరకు పచ్చళ్లు ఎక్కువ పడతాయి.

అమ్మమ్మ ససేమిరా ఏదీ తీయనంటుందనుకోండి. మొత్తం 95 అయి కూర్చుంది. డబ్బు కట్టక తప్పదు. అప్పుడు నాలుగు పెట్టెల్లోకీ సమానంగా పంచకండి. ఒక్కోటి 23.75 అయితే నాలుగూ హద్దు దాటినట్టే, నాలుగింటికీ కట్టాలి. అమెరికా దారిలో చాలా కంపెనీలు 23 దాటి 32 లోపు ఉన్న పెట్టెకు ఒకటే రుసుము తీసుకుంటాయి. ముప్పావు కిలో దాటినా తొమ్మిది కిలోలు దాటినా అంతే. మూడు పెట్టెలను 22.5 దగ్గర ఆపి, నాలుగోదాన్ని 27.5 దాకా పోనిస్తే ఒక్క పెట్టెకే కడితే సరిపోతుంది. గల్ఫ్ లెక్కలో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ ఎక్కువైన ప్రతి కిలోకూ కట్టాలి కాబట్టి ఎక్కడ సర్దినా ఒకటే.

తిరుగు ప్రయాణంలో కూతురు ఇంట్లో త్రాసు పౌండ్లలో చూపిస్తుంది. అక్కడి కౌంటర్‌లో హద్దు 50 పౌండ్లు. 23 కిలోలంటే నిజానికి 50.7 పౌండ్లు. అంటే ఇక్కడ సరిగ్గా 23తో గట్టెక్కిన పెట్టె అక్కడ పౌండులో ముప్పావు వంతు దాకా ఎక్కువ అవుతుంది. వచ్చేటప్పుడు 49 దగ్గర ఆపాలి. అది 22.2 కిలోలు.