టీవీ వెనక వైర్లు: కరెంటుకు ఒక దారి, సిగ్నల్‌కు మరో దారి

గోడకు బిగించిన టీవీ కింద నాలుగు వైర్లు వేలాడుతుంటే, అన్నింటినీ కలిపి ఒకే పట్టీలో తోసెయ్యాలనిపిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అందులో ఒకటి 230 వోల్టుల కరెంటు వైరు. మిగిలిన మూడూ, అంటే సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ, డిష్ కేబుల్, రౌటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్, చాలా తక్కువ వోల్టేజీవి. వాటి తొడుగు ఇంటి కరెంటును ఆపడానికి చేసింది కాదు. ఇరుకులో నలిగి కరెంటు వైరు తొడుగు చిట్లిందంటే, ఆ కరెంటు పక్క వైరు మీదుగా రౌటర్ దాకా, రౌటర్ తాకిన చేతి దాకా రావచ్చు. బొమ్మ చెదురుతుందనీ నెట్ నెమ్మదిస్తుందనీ చెబుతారు గానీ, నాలుగడుగుల దూరంలో మంచి కేబుళ్లకు ఆ తేడా తెలియకపోవచ్చు కూడా. వైర్లను విడదీసేది ముందు ప్రాణం కోసం.

కట్టిన ఇల్లే, గోడ తవ్వే వీల్లేదు అనుకుందాం. టీవీకీ కింద ఉన్న యూనిట్‌కీ మధ్య నాలుగడుగులు. ఎలక్ట్రికల్ షాపులో కేసింగ్ పట్టీ అని అడిగితే ఇస్తారు. అడుగు భాగాన్ని గోడకు బిగించి, వైర్లు పెట్టి, మూత నొక్కేయడమే. రెండు పట్టీలు తీసుకోండి: కరెంటు వైరుకు ముప్పావు అంగుళానిది, మిగిలిన మూడింటికీ అంగుళంన్నరది. ఆ మూడూ ఒక్కోటి ఇంచుమించు 7 మిల్లీమీటర్ల మందం. పక్కపక్కన పరిస్తే 20 మిల్లీమీటర్లు దాటుతాయి, ఇంకా కాస్త చోటు మిగులుతుంది. రేపు ఇంకో వైరు వస్తే అక్కరకొస్తుంది. పట్టీకీ పట్టీకీ మధ్య కనీసం రెండంగుళాల ఎడం ఉంచండి. ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించాలి.

డ్రిల్ పెట్టేముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూసుకోండి. దానికి నేరుగా పైన, గోడ లోపల కరెంటు పైపు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ గీత మీద రంధ్రం వద్దు.

పట్టీ మూల తిరిగే చోట వైరును మడత పెట్టకూడదు. లాన్ కేబుల్‌ను కనీసం అంగుళం వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పాలి. గట్టిగా నలిపితే లోపలి జతల్లో ఒకటి తెగొచ్చు. ఒక్కోసారి నెట్ మాత్రం ఆగదు. 1000 ఎంబీపీఎస్ రావాల్సిన లింకు 100కు పడిపోతుంది, ఎందుకంటే 1000కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. చాలామంది అప్పుడు నెట్ కంపెనీని తిట్టుకుంటారు. ఫైబర్ ఇంకా సున్నితం, లోపల ఉన్నది గాజు. మరీ వంగితే వెలుతురు బయటికి కారిపోయి, పెట్టె మీద LOS అన్న చోట ఎర్ర దీపం వెలుగుతుంది.

రౌటర్ టేబుల్ మీద ఉంటే చెక్కకు 60 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ప్లాస్టిక్ గ్రోమెట్ బిగిస్తారు. దీన్నే షాపుల్లో వైర్ మేనేజర్ అని కూడా అంటారు. హోల్‌సా బిట్‌తో పైనుంచి మొదలుపెట్టి, నడిమి మొన కిందికి పొడుచుకు రాగానే ఆపి, మిగతాది కిందినుంచి కొయ్యాలి. లేదంటే లామినేట్ పెచ్చులూడుతుంది. అడాప్టర్ ఆ రంధ్రంలో పట్టకపోవచ్చు. దాన్ని కిందనే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంచి, సన్నటి పిన్నును పైకి లాగండి. రౌటర్‌ను మాత్రం ఇనుప పెట్టెలోనో టీవీ వెనకో దాచకండి, వైఫై అక్కడే చచ్చిపోతుంది.

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు వైర్లను గోడలోంచే పోనివ్వొచ్చు. కానీ టీవీతో వచ్చిన కరెంటు వైరును గోడలో పూడ్చకూడదు, అది బయట వాడే వైరు. టీవీ వెనకే ఒక సాకెట్ పాయింటు పెట్టించండి. సిగ్నల్ వైర్లకు వేరే పైపు, వేరే బాక్సు కావాలి. మామూలు 25 మిల్లీమీటర్ల పైపు వంపులో హెచ్‌డీఎంఐ తల ఇరుక్కుంటుంది. అందుకే టీవీ నుంచి యూనిట్ దాకా వంపు లేకుండా రెండంగుళాల పీవీసీ పైపు వేస్తారు. అది తొమ్మిదంగుళాల గోడకే. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు మించకూడదు, నాలుగున్నర అంగుళాల గోడలో అది అంగుళంన్నరే. అక్కడా, అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన కాంక్రీటు గోడల మీదా పట్టీయే శరణ్యం. కాంక్రీటు గోడనూ పిల్లర్‌నూ కొట్టమని మేస్త్రీకి ఎప్పుడూ చెప్పకండి.

ప్లాస్టరింగ్‌కు ముందు టేపు పక్కన పెట్టి ఆ పైపులను ఫొటో తీసి దాచుకోండి.