ఒకే బ్యాచ్, అయిదు లోడ్లు

గుజరాత్‌లోని మోర్బీ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచే మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం వస్తుంది. దాదాపు 1,200 డిగ్రీల వేడిలో కాలే సరుకు అది. మట్టి మారినా, రంగు పాళ్లు కాస్త అటూ ఇటూ అయినా, బట్టీలో వేడి కొద్దిగా తేడా పడినా అదే డిజైన్ ఒక పిసరు ముదురుగానో లేతగానో దిగుతుంది. అందుకే ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు వేస్తారు. షాపులో శాంపిల్ చూసి మురిసిపోయేవాళ్లలో ఆ నంబర్లు చూసేవాళ్లు తక్కువ. జనవరిలో కొన్న పెట్టెకూ మార్చిలో కొన్న పెట్టెకూ పేరు ఒకటే. హాల్లో పక్కపక్కన పరిచాక మాత్రం మధ్యలో గీత గీసినట్టు తేలిపోతుంది.

కాబట్టి అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరు సరుకంతా ఒకే బ్యాచ్‌లో కొనాలనుకుంటాడు. కానీ ఒకేసారి దించుకుందామంటే సైట్‌లో చోటుండదు.

విజయవాడ శివారు పోరంకిలో అయిదంతస్తుల భవనం లేస్తోందనుకుందాం. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, ఒక్కో ఫ్లాట్‌లో టైల్స్ పడే నేల వెయ్యి చదరపు అడుగులు. నాలుగడుగులకు రెండడుగుల టైల్స్ పెట్టెకు రెండు వస్తాయి, పెట్టె పదిహేనున్నర చదరపు అడుగులకు సరిపోతుంది. కోతలకూ పగుళ్లకూ ఎనిమిది శాతం కలుపుకుంటే మొత్తం 700 పెట్టెలు. పెట్టె బరువు సుమారు 30 కిలోలు. అంటే సరుకంతా కలిపి 21 టన్నులు. కింద పార్కింగ్‌లో సిమెంటు బస్తాలు, ఇసుక, తలుపు చట్రాలు. పై అంతస్తులోకి ఎక్కించేద్దామంటే, ఇళ్ల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన డిజైన్ చేస్తారు. పెట్టెలన్నీ ఒక గదిలో పేర్చేస్తే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. ఇక దారి ఒక్కటే: సరుకు డీలర్ గోడౌన్‌లో ఉండాలి, పని నడిచే కొద్దీ అంతస్తుకు 140 పెట్టెల చొప్పున అయిదు విడతల్లో రావాలి.

దీన్ని ఎక్కువమంది నోటిమాటతో కానిస్తారు. “మాకోసం పక్కన పెట్టండి, పని పడినప్పుడు లోడు పంపుదురు గాని” అంటాడు బిల్డరు. “అలాగేనండీ, అది మీ సరుకే అనుకోండి” అంటాడు డీలరు. అప్పుడు ఆ మాట అబద్ధమేమీ కాదు. నెల తరవాత వేరే బిల్డరు పూర్తి డబ్బు చేతిలో పట్టుకొచ్చి అదే డిజైన్ 200 పెట్టెలు అడుగుతాడు. మోర్బీ నుంచి ఇంకో లోడు తెప్పించి పాతవాళ్లకు సర్దేయవచ్చులే అనుకుంటాడు డీలరు. ఆ వచ్చేది వేరే బ్యాచ్.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది. ఫలానా సరుకు ఇదీ అని తేలేదాకా దాని హక్కు కొన్నవాడికి రాదంటుంది 18వ సెక్షన్. గోడౌన్‌లో ఉన్న రెండు వేల పెట్టెల్లో ‘ఏవో ఒక 700’ కొన్నానంటే ఇంకా ఏ పెట్టే మీది కాదు. అందుకని అడిగే ఉత్తరంలో పరిమాణంతోపాటు బ్యాచ్, షేడ్ నంబర్లు రాయాలి. పెట్టెలను విడిగా పేర్పించి, సైట్ పేరు రాసిన కాగితం అతికించి, లేబుళ్లు కనిపించేలా ఫొటోలు తీసుకోవాలి. ఇంత చేసినా 30వ సెక్షన్ అనే మెలిక ఒకటుంది. అమ్మిన సరుకు ఇంకా అమ్మినవాడి దగ్గరే ఉండగా, అతను దాన్ని ఇంకొకరికి అమ్మి అప్పజెబితే, పాత సంగతి తెలియక నిజాయతీగా కొన్న ఆ రెండోవాడికే హక్కు దక్కుతుంది. మొదటివాడికి మిగిలేది డీలరు మీద దావా. అంటే రాతకోతలు ఎంత పకడ్బందీగా ఉన్నా, రెండు వారాలకోసారి గోడౌన్‌కు వెళ్లి పెట్టెలు లెక్కపెట్టే మనిషి ఉండాల్సిందే.

ఉత్తరం పెద్దదిగా ఉండక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

“నమస్కారమండీ. మా పోరంకి సైట్ కోసం ఈ డిజైన్ టైల్స్ 700 పెట్టెలు, అన్నీ కింద రాసిన బ్యాచ్, షేడ్ నంబర్లవే, మీ గోడౌన్‌లో విడిగా ఉంచగలరు. 140 పెట్టెల చొప్పున అయిదు లోడ్లుగా, సుమారు ఇరవై రోజులకొకటి తీసుకుంటాం. ప్రతి లోడుకూ నాలుగు రోజుల ముందు కబురు చేస్తాం. చివరి లోడు దాకా ధర మారకూడదు. బ్యాచ్ మార్చాల్సి వస్తే పంపేముందు మా అనుమతి తీసుకోగలరు. గడువు దాటి సరుకు ఉంచాల్సివస్తే గోడౌన్ అద్దె ఎంతో ఇప్పుడే తెలియజేయగలరు.”

ఆఖరి వాక్యం చాలామంది వదిలేస్తారు. ఇసుక దొరక్కో, మేస్త్రీలు పండక్కి ఊరెళ్లో పని వెనకబడటం మామూలే. అప్పుడు ఇబ్బంది పడేది డీలరు. అతని పెట్టుబడి, గోడౌన్‌లో చోటు రెండూ ఇరుక్కుపోతాయి. ఆ సంగతి ముందే మాట్లాడుకున్న బిల్డరు సరుకును అతను అంత తేలిగ్గా ఇంకొకరికి అమ్ముకోడు.

అసలు బేరమంతా అడ్వాన్సు దగ్గరే. పెట్టె అన్ని పన్నులతో 900 రూపాయలైతే మొత్తం 6,30,000. ముప్పై శాతం అడ్వాన్సు అంటే 1,89,000. దీన్ని ఆఖరి లోడ్లలో కోసుకుందామంటాడు డీలరు. బిల్డరు మధ్యలో మనసు మార్చుకుంటే 140 పెట్టెలు తన నెత్తిన పడతాయని అతని భయం. ఆ భయమూ న్యాయమే. కానీ అలా ఒప్పుకుంటే, అక్కడ సరుకు తగ్గుతున్నా బిల్డరు డబ్బు మాత్రం తగ్గకుండా డీలరు దగ్గరే ఉండిపోతుంది. లోడుకింత అని కోసుకుంటే ఒక్కో లోడు విలువ 1,26,000లో 37,800 అడ్వాన్సు కింద పోయి, చేతి నుంచి 88,200 కడితే సరిపోతుంది. బిల్డరుకు ఇదే మేలు. డీలరు ససేమిరా అంటే మొదటి నాలుగు లోడ్లలో కాస్త తక్కువ కోసి, మిగతాది అయిదోదానికి అట్టే పెట్టుకోమనవచ్చు.

లోడు గేటు దగ్గరికి వచ్చాక చూడాల్సింది చాలామంది చూడరు. చలానా మీద సంతకం పెట్టేముందు పెట్టెల మీది నంబర్లు పాత ఫొటోలతో పోల్చాలి. రెండు మూడు పెట్టెలు విప్పి, ముందు లోడులో మిగిలిన టైల్ పక్కన సిమెంటు లేకుండా పరచి, పగటి వెలుతురులో నిలబడి చూడాలి. ట్యూబులైటు కింద కూర్చుని చూస్తే తేడా దొరకదు. అంచులు కూడా కలిపి చూడాలి. బ్యాచ్ మారితే కొలతలోనూ స్వల్పంగా తేడా రావచ్చు, అప్పుడు సందులు ఒక వరసలో కుదరవు. తేడా కనిపిస్తే దించకముందే చలానా మీద రాసి వెనక్కి పంపాలి. పరిచేశాక చెబితే “చూసే కదండీ వేయించారు” అన్న జవాబొస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి ఆ బ్యాచ్ అయిదో లోడుకు చాలదు. అప్పుడు కొత్త బ్యాచ్‌ను పాతదానితో కలపకుండా ఒక ఫ్లాట్ మొత్తానికి అదే వేయించడం తెలివైన మేస్త్రీల పద్ధతి. గోడ అవతలి ఫ్లాట్‌లో టైల్ ఒక పిసరు ముదురుగా ఉందని ఎవరూ పోల్చి చూడరు. ఆ సర్దుబాటుకు వీలుండాలంటే ఏ ఫ్లాట్‌కు ఏ పెట్టెలు వెళ్లాయో మొదటి లోడు నుంచే పుస్తకంలో రాసి ఉంచాలి. మరమ్మతుల కోసం ఫ్లాట్‌కొక పెట్టె దాచేటప్పుడు కూడా ఆ పుస్తకం చూసే తీయాలి.