నలుగురు పిల్లల ఇంట్లో 9:3:3:1 లెక్క ఎందుకు కుదరదు?

మనలిలో మన సంఘం పిల్లల్లో చాలామంది తమిళ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష. సైన్సు పాఠంలో సందేహం వస్తే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పడం కష్టమవుతుంది. అలాంటి సందేహం ఒకటి ఈమధ్య నా దగ్గరికి ఫిర్యాదు రూపంలో వచ్చింది. అది చాలా ఇళ్లకు ఉపయోగపడుతుందనిపించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్లస్ టూ చదువుతున్న అమ్మాయి, వాళ్ల నాన్న ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. అమ్మాయి నీట్ నమూనా పరీక్ష రాసింది. ఒక ప్రశ్నకు తన జవాబు సరైనదే అయినా తప్పు వేశారని ఆమె వాదన. ఆ పరీక్షలో సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అంటే ఒక్క ప్రశ్నతో ఐదు మార్కుల తేడా. "సెక్రటరీ గారూ, మీరు ఆఫీసులో ఎన్నో అర్జీలు రాసినవారు. కీ తప్పని ఒక లెటర్ రాసిపెట్టండి" అన్నారు ఆయన. నేను కాగితం, పెన్ను తీశాను కూడా. ప్రశ్న ఇది:

తల్లి, తండ్రి ఇద్దరిదీ ఎ పాజిటివ్ రక్తం. ఇద్దరిలోనూ ఓ జన్యువు ఒకటి, ఆర్‌హెచ్ నెగెటివ్ జన్యువు ఒకటి దాగి ఉన్నాయి. వారికి నలుగురు పిల్లలు. కింది వాటిలో సరైన వాక్యం ఏది?

1. నలుగురిలో ఇద్దరు కచ్చితంగా ఎ పాజిటివ్ అవుతారు.
2. పిల్లలు పదహారు మంది లేరు కాబట్టి ఓ నెగెటివ్ బిడ్డ పుట్టదు.
3. నలుగురూ ఎ పాజిటివ్ అవుతారు.
4. పుట్టే ప్రతి బిడ్డకూ ఎ పాజిటివ్ అయ్యే అవకాశం 9/16.

అమ్మాయి మొదటిది గుర్తించింది. "తాతయ్యా, డైహైబ్రిడ్ క్రాస్‌లో పదహారుకు తొమ్మిది వస్తాయి కదా. నలుగురికి లెక్కేస్తే రెండుంపావు. పావు మనిషి ఉండడు కాబట్టి ఇద్దరు" అంది. గుణకారం సరిగ్గానే ఉంది. నాకూ మొదట అదే న్యాయంగా తోచింది. కానీ ప్రశ్నను రెండోసారి చదివితే 'కచ్చితంగా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా సంఘంలో ఉన్న ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు గారికి ఫోన్ చేసి మాట్లాడాక అర్జీ రాయవలసిన పని లేదని తేలింది. కీ సరైనదే. నాలుగోదే జవాబు.

ముందు ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ప్రతి మనిషిలోనూ రక్తం గ్రూపుకు రెండు జన్యువులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఎ, ఓ రెండూ ఉంటే ఎ పైకి కనిపిస్తుంది, ఓ దాగి ఉంటుంది. అలాంటి తల్లి ఏ బిడ్డకైనా ఎ ఇవ్వవచ్చు, ఓ ఇవ్వవచ్చు, సగం సగం అవకాశం. తండ్రీ అంతే. ఇద్దరూ ఓ ఇస్తేనే బిడ్డది ఓ గ్రూపు. అది నాలుగింట ఒక వంతు. మిగిలిన మూడు వంతులు ఎ గ్రూపు. పాజిటివ్, నెగెటివ్ సంగతీ ఇదే పద్ధతి. మూడు వంతులు పాజిటివ్, ఒక వంతు నెగెటివ్.

ఈ రెండు లక్షణాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా బిడ్డకు చేరతాయి. ఎందుకంటే ఎ, బి, ఓ గ్రూపుల జన్యువు తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంది, ఆర్‌హెచ్ జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. కాబట్టి రెండు భాగాలనూ గుణించవచ్చు. ముప్పావును ముప్పావుతో గుణిస్తే 9/16, అది ఎ పాజిటివ్. ఎ నెగెటివ్ 3/16, ఓ పాజిటివ్ 3/16, ఓ నెగెటివ్ 1/16. ఇదే 9:3:3:1. రెండు జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కన ఉంటే ఈ నిష్పత్తి రాదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. పుస్తకంలో గీసే పదహారు గళ్ల పట్టిక పదహారు మంది పిల్లల జాబితా కాదు. ఒక్క బిడ్డ విషయంలో ఏమేమి జరగవచ్చో చూపే పట్టిక. ప్రతి బిడ్డకూ ఆ పట్టిక మొదటి నుంచి మళ్లీ వర్తిస్తుంది. ఆఫీసులో మేము పాత పేజీ మొత్తాన్ని కొత్త పేజీ మొదటి వరుసలోకి ఎత్తి రాసేవాళ్లం. జన్యువుల పంపకంలో ఆ పద్ధతి లేదు. మొదటి ముగ్గురూ ఎ పాజిటివ్ అయినంత మాత్రాన నాలుగో బిడ్డకు వేరే గ్రూపు బాకీ ఉండదు. నాలుగో బిడ్డకూ అవకాశం అదే 9/16.

అలాగైతే నలుగురు పిల్లలున్న ఇంట్లో ఏం జరుగుతుంది? ఇలాంటి తల్లిదండ్రులున్న ఇళ్లు వంద తీసుకుని, ఒక్కో ఇంట్లో నలుగురు పిల్లలు ఉన్నారనుకుందాం. లెక్క ప్రకారం ఎ పాజిటివ్ పిల్లలు సరిగ్గా ఇద్దరు ఉండే ఇళ్లు దాదాపు 36. ముగ్గురు ఉండేవి 31. ఒక్కరే ఉండేవి 19. నలుగురూ ఎ పాజిటివ్ అయ్యేవి 10. ఒక్కరూ లేనివి 4. ఇద్దరు ఉండడమే అన్నిటికన్నా ఎక్కువ, అది నిజం. అయినా వందలో 64 ఇళ్లలో ఆ మాట తప్పుతుంది. 'కచ్చితంగా ఇద్దరు' అన్న వాక్యం అందుకే నిలబడదు. రెండుంపావు అనేది ఈ ఇళ్లన్నిటి సగటు, ఏ ఒక్క ఇంటి లెక్కా కాదు.

"మరి పదహారు మంది ఉంటే సరిపోతుందా?" అని అమ్మాయి అడిగింది. అప్పుడూ సరిపోదు. పదహారు మంది పిల్లల్లో సరిగ్గా తొమ్మిది, మూడు, మూడు, ఒకటి రావడం దాదాపు నలభై ఇళ్లలో ఒక ఇంట్లోనే జరుగుతుంది. పదహారు మంది పుట్టినా ఒక్క ఓ నెగెటివ్ బిడ్డ కూడా లేని ఇళ్లు వందకు 36 దాకా ఉంటాయి. మరోవైపు నలుగురే ఉన్నా కనీసం ఒక ఓ నెగెటివ్ బిడ్డ ఉండే ఇళ్లు వందకు సుమారు 23. కాబట్టి రెండో వాక్యమూ తప్పే.

ఈ నిష్పత్తిని కనిపెట్టిన మెండల్ లెక్కల్లో కూడా ఇదే కనిపిస్తుంది. ఆయన 1865లో బ్రూన్ పట్టణంలో, అంటే నేటి బ్ర్నోలో, తన బఠాణీ ప్రయోగాలను సభ ముందు చదివారు. గింజ ఆకారం, గింజ రంగు అనే రెండు లక్షణాలను కలిపి చూసిన ప్రయోగంలో 15 మొక్కల నుంచి 556 గింజలు వచ్చాయి. గుండ్రని పసుపు గింజలు 315, ముడతల పసుపు 101, గుండ్రని ఆకుపచ్చ 108, ముడతల ఆకుపచ్చ 32. నిష్పత్తి ప్రకారం 313, 104, 104, 35 దగ్గర ఉండాలి. చాలా దగ్గరగా వచ్చాయి, కానీ అచ్చంగా కాదు.

అదే మెండల్ ఒక్కో మొక్కను విడిగా లెక్కపెట్టినప్పుడు ఏమైందో కూడా దాచకుండా రాశారు. మూడు గుండ్రని గింజలకు ఒక ముడతల గింజ రావలసిన చోట ఒక మొక్కకు 43 గుండ్రనివి, 2 ముడతలవి కాశాయి. మరో మొక్కకు 14 గుండ్రనివి, 15 ముడతలవి. ఆ రెండో మొక్కను మాత్రమే చూసి ఉంటే సగం సగం అనుకునేవారు. 253 మొక్కల గింజలు 7,324 కలిపి చూశాకే 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి అని తేలి మూడుకు ఒకటి స్పష్టంగా కనిపించింది. నలభై గింజల మొక్కే అంత తేడా చూపితే నలుగురు పిల్లల కుటుంబం మాట చెప్పాలా?

ఇంట్లోనే దీన్ని చూడవచ్చు. రెండు రూపాయి నాణేలు, రెండు ఐదు రూపాయల నాణేలు తీసుకోండి. నాలుగూ కలిపి ఎగరేస్తే అది ఒక బిడ్డ. రూపాయి నాణేలు రెండూ బొరుసు పడితే ఓ గ్రూపు, లేకపోతే ఎ. ఐదు రూపాయలవి రెండూ బొరుసు పడితే నెగెటివ్, లేకపోతే పాజిటివ్. నాలుగుసార్లు ఎగరేస్తే ఒక కుటుంబం. పిల్లల చేత పది కుటుంబాలు రాయించండి. ఏ రెండు కుటుంబాలూ ఒకేలా ఉండాలన్న నియమం లేదని వాళ్లకే తెలుస్తుంది.

పరీక్షలో గుర్తు పెట్టుకోవలసింది ప్రశ్నలోని మాట. 1,600 గింజల్లో సుమారు ఎన్ని రెండు బహిర్గత లక్షణాలతో ఉంటాయి అని అడిగితే 900 అనడం సరైనదే. అక్కడ సంఖ్య పెద్దది, 'సుమారు' అన్న మాటా ఉంది. నలుగురు పిల్లలకు సగటున ఎంత అని అడిగినా రెండుంపావు సరైన జవాబే. ఒక చిన్న కుటుంబాన్ని చూపించి 'ఇంతమంది అవుతారు' అని ఖాయం చేసే వాక్యం ఉంటే దాన్ని వదిలేసి, 'ప్రతి బిడ్డకూ అవకాశం ఇంత' అనే వాక్యం కోసం చూడాలి.

ఇదంతా అయ్యాక అమ్మాయి నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. వాళ్లింట్లో భార్యాభర్తలిద్దరిదీ ఎ పాజిటివ్, అమ్మాయిదీ అదే. చిన్నబ్బాయిది మాత్రం ఓ నెగెటివ్. బడిలో గుర్తింపు కార్డు కోసం పరీక్ష చేయించినప్పుడు ఆ సంగతి తెలిసి, బంధువుల్లో ఒకరు అనరాని మాట అన్నారట. ఆయన భార్య దాన్ని ఈనాటికీ మరిచిపోలేదు. ఎ పాజిటివ్ దంపతులకు ఓ నెగెటివ్ బిడ్డ పుట్టడంలో వింత ఏమీ లేదు. ఇద్దరిలోనూ ఆ రెండు జన్యువులూ దాగి ఉన్నాయని మాత్రమే దాని అర్థం. పదహారింట ఒక అవకాశం ఇద్దరే పిల్లలున్న ఇంట్లో కూడా రావచ్చు.

ఇదే పొరపాటు ఇంకొక చోట మరీ ప్రమాదం. తలసీమియా జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు ఇప్పటికే జబ్బు ఉంటే 'నలుగురిలో ఒకరి వంతు అయిపోయింది, మిగతా ముగ్గురికీ భయం లేదు' అనుకోకూడదు. రెండో బిడ్డకూ అవకాశం అదే నాలుగింట ఒక వంతు. అలాంటి ఇంట్లో మరో బిడ్డను కోరుకునే ముందే డాక్టరును కలవాలి. గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేసే వీలుంది.

అర్జీ కోసం తీసిన కాగితం మీద ఆ రోజు పదహారు గళ్లు గీశాను. అమ్మాయి వాళ్ల నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, ఇంట్లో చూపించాలని.