20 లక్షల కోట్లు ఎవల జేబుకెళ్లి?

జర్నలిజం సదువుతున్న మా ఊరి తమ్ముడొకడు మొన్న అడిగిండు: “అన్నా, సర్కారు ప్రెస్ నోట్ల ఏది వార్త, ఏది డప్పు అని ఎట్ల తెలుస్తది?” పాత ముచ్చటొకటి ముందటేసుకొని కూసున్నం. అదే ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీ.

2020 మే 12న ప్రధాని మోదీ 20 లక్షల కోట్ల ప్యాకేజీ అని ప్రకటించిండు. మరునాటి నుంచి ఐదు రోజులు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రెస్‌మీట్లు పెట్టి వివరాలు చెప్పింది. మే 17న మొత్తం లెక్క తేలింది: 20,97,053 కోట్లు.

ఇండ్ల ‘ప్రధాని ప్రకటించిండు’ అన్నది ఫ్యాక్ట్. దేశం తన కాళ్ల మీద తాను నిలబడతది అన్నది క్లెయిమ్. అది కొన్నేండ్లు పోతేగాని తెల్వదు. ఈ రెండూ గుర్తుపట్టుడు అల్కనే. మనల్ని బోల్తా కొట్టించేది నడుమ ఉన్న అంకె. అంకె కనవడంగనే అది ఫ్యాక్టే అనుకుంటం. అందుకే దాన్ని రెండు ప్రశ్నలడగాలె.

మొదటిది, ఇది కొత్తదా? సర్కారు ఇచ్చిన పట్టికనే సూడుండ్రి. రిజర్వు బ్యాంకు చర్యలు 8,01,603 కోట్లు. అంతకుముందే చెప్పిన గరీబ్ కల్యాణ్ వంటివి 1,92,800 కోట్లు. రెండూ కలిపితే 9,94,403 కోట్లు. అంటే దగ్గర దగ్గర సగం ప్రధాని మాట్లాడకముందే ప్రకటించినవి.

రెండోది, పైసలు ఎవలు పెడుతున్నరు? చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్లు అన్నరు. అది సర్కారు పంచే సొమ్ము కాదు, బ్యాంకులిచ్చే అప్పు. తీసుకున్నోళ్లు మిత్తితోని కట్టాలె. సర్కారు జమానతు మాత్రమే ఉంటది. దానికోసం కేబినెట్ నాలుగేండ్లకు కలిపి పక్కన పెట్టింది 41,600 కోట్లు. ఆ జమానతు అక్కరకు రాదని కాదు. ‘ఇచ్చింది’ అని రాస్తే మాత్రం తప్పు.

అదే పట్టికల ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్లున్నయి. ఇవి బడ్జెట్ పైసలు, కాబట్టి ఇచ్చిన్రా లేదా అన్నది తర్వాతి ఏడు బడ్జెట్ పుస్తకంల దొరుకుతది. 2020-21కి మొదట పెట్టింది 61,500 కోట్లు, సవరించిన అంచనా 1,11,500 కోట్లు. అంటే చెప్పినదానికంటే ఎక్కువే పెట్టిన్రు. ఈ క్లెయిమ్ నిలబడ్డది, ఆ సంగతి గూడ రాయాలె.

తమ్ముడు ముందుగాల రాసుకున్న హెడ్డింగ్: ‘ప్రజలకు 20 లక్షల కోట్లు’. కొట్టేసి మళ్లా రాసిండు: ‘20.97 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటన; అండ్ల సగం దాకా పాతవే, కొత్తవాటిల అప్పులే ఎక్కువ’. హెడ్డింగ్ జర పొడుగైంది గని, ఇప్పుడు అండ్ల ప్రతి మాటకు కాయితం ఉన్నది.