సింథ్ బేస్: బలమంతా మొదటి పావు సెకనులోనే

1977లో పార్లమెంట్ అనే అమెరికన్ ఫంక్ బృందం 'ఫ్లాష్ లైట్' పాటను విడుదల చేసింది. ఆ పాటను నడిపించే బేస్ ఏ గిటార్ తీగ మీదా పుట్టలేదు. బెర్నీ వోరెల్ దాన్ని మినీమూగ్ అనే సింథసైజర్ మీద వాయించారు. బాబ్ మూగ్ కంపెనీ ఆ వాద్యాన్ని 1970లో మార్కెట్లోకి తెచ్చింది. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, రెండు ఎన్వలప్‌లు - దాని ప్రాణమంతా వాటిలోనే ఉంది. ఈ రోజు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరైనా సర్జ్ ఎక్స్‌టీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే అమరికతో బేస్ తయారు చేసుకోవచ్చు. అలా దాచుకునే సెట్టింగుల మొత్తాన్నే ప్యాచ్ అంటారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బేస్ పలచగా ఉందనిపిస్తే వాల్యూమ్ పెంచుతారు, లేదా ఇంకో ఆసిలేటర్ చేరుస్తారు. బేస్ బలం అక్కడ లేదు. స్వరం మొదలైన తొలి పావు సెకనులో ధ్వని ఎంత ప్రకాశంగా తెరుచుకుంది, ఎంత వేగంగా మూసుకుంది అన్నదాంట్లోనే ఉంది. బేస్ గిటార్ తీగను మీటినప్పుడు జరిగేదీ ఇదే. మీటిన క్షణంలో తీగ గరగరమని మోగుతుంది. పైనున్న సన్నని నాదాలు త్వరగా ఆరిపోతాయి, లోతైన నాదం మిగులుతుంది. సింథసైజర్‌లో ఆ ప్రవర్తనను మన చేతులతో కట్టాలి.

ఒక్క స్వరాన్ని ఎంచుకుని మొదలుపెడదాం. 55 హెర్ట్జ్ ఉన్న A తీసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లు దీన్ని A1 అంటాయి, కొన్నింటిలో అంకె ఒకటి అటూ ఇటూ ఉంటుంది. పాట వేగం నిమిషానికి 100 బీట్లు అనుకుందాం. ఒక్కో బీటు 600 మిల్లీసెకన్లు, అందులో సగం 300. మన స్వరం నిలిచే కాలం ఈ 300 మిల్లీసెకన్లు. ఇకపై పెట్టే ప్రతి అంకెనూ దీనితోనే పోల్చుకోవాలి.

సర్జ్ ఎక్స్‌టీలో `Init Saw` అనే ఖాళీ ప్యాచ్ తెరిస్తే ఒకే ఒక్క ఆసిలేటర్ మోగుతూ ఉంటుంది. దాని తరంగం రంపపు పళ్ల ఆకారంలో ఉంటుంది, అందుకే సా వేవ్ అంటారు. 55 హెర్ట్జ్ సా వేవ్‌లో 55 ఒక్కటే ఉండదు. 110, 165, 220, 275 అంటూ దాని గుణిజాలన్నీ ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. రెండోది మొదటిదానిలో సగం బలంతో, మూడోది మూడో వంతు బలంతో ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బలం అలా తగ్గుతూ పోతుంది. బేస్‌కు సా వేవ్ ఎందుకంటే, తీసేయడానికి కావలసినంత సరుకు అందులోనే ఉంది. నున్నటి సైన్ వేవ్‌లో మూల నాదం తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి దానిమీద ఫిల్టర్ ఎంత తిప్పినా చెప్పుకోదగ్గ మార్పు రాదు.

రెండో ఆసిలేటర్ దగ్గరే చాలా ప్యాచ్‌లు చెడిపోతాయి. మొదటిదాని శ్రుతిలోనే రెండో సా వేవ్ పెట్టి, దాన్ని 5 సెంట్లు పక్కకు జరిపి, 'ధ్వని వెడల్పయింది' అనుకోవడం అందరికీ అలవాటు. అర్ధస్వరంలో వందో వంతు ఒక సెంటు. 55 హెర్ట్జ్ దగ్గర 5 సెంట్ల తేడా అంటే 0.16 హెర్ట్జ్. అంటే రెండు మూల నాదాలూ దాదాపు ఆరు సెకన్లకోసారి కలుస్తాయి, మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మన స్వరం నిలిచేది 300 మిల్లీసెకన్లే. అది రద్దయ్యే ఘడియలో పడితే ఆ ఒక్క దెబ్బలో బేస్ మాయమవుతుంది. ఒకే స్వరాన్ని పదిసార్లు నొక్కితే పది రకాల బరువుతో వినిపించిందంటే కారణం ఇదే.

దీనికి మందు తేలికే. మొదటి ఆసిలేటర్‌ను 55 దగ్గర ఒంటరిగా వదిలేయండి. రెండోదాన్ని ఒక స్థాయి పైన, 110 దగ్గర పెట్టి, దాన్ని 7 సెంట్లు జరపండి. దాని వాల్యూమ్‌ను మొదటిదానికంటే 6 డెసిబెల్స్ తగ్గించండి. ఇప్పుడు ఆ అలల కదలిక 110 నుంచి పైకే ఉంటుంది, కింద 55 కదలకుండా నిలబడుతుంది. స్వరం నొక్కిన ప్రతిసారీ మొదలు కూడా ఒకేలా ఉండాలంటే ఆసిలేటర్ భాగంలో ఉన్న `Retrigger` ఆన్ చేయాలి. ప్లే మోడ్‌ను మోనోకు మార్చాలి. రెండు బేస్ స్వరాలు ఒకదానిమీద ఒకటి పడితే బురదలా తయారవుతుంది కాబట్టి ఒకసారికి ఒక్క స్వరమే మోగాలి.

ఇక ఫిల్టర్. లో-పాస్ రకాన్ని, అందులో 24 డెసిబెల్స్‌ది ఎంచుకోండి. కటాఫ్ అనే గీతకు కిందివాటిని ఇది వెళ్లనిస్తుంది, పైవాటిని అణుస్తుంది. 24 డెసిబెల్స్ అంటే గీత దాటి ఒక్కో స్థాయి పైకి వెళ్లేకొద్దీ నాదం బలం సుమారు పదహారో వంతుకు పడిపోతుందని. కటాఫ్‌ను నెమ్మదిగా 150 హెర్ట్జ్ దాకా దించండి. 55, 110 మాత్రమే పూర్తిగా మిగులుతాయి. ధ్వని మూతపెట్టినట్టు మొద్దుబారుతుంది. కంగారు పడొద్దు, స్వరం చివరికి చేరవలసిన చోటు అదే. రెజొనెన్స్ నాబ్‌ను పదిహేను శాతం దాటనివ్వకండి. అది కటాఫ్ దగ్గరి నాదాలను ఎగదోస్తుంది కాబట్టి వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ మూగ్ తరహా ల్యాడర్ ఫిల్టర్లలో రెజొనెన్స్ పెంచేకొద్దీ అట్టడుగు బలం తగ్గుతుంది. బేస్ ప్యాచ్‌లో మనం అమ్ముకోకూడని ఆస్తి అదొక్కటే.

ఎన్వలప్ అంటే కాలంతోపాటు ఒక నాబ్‌ను మన బదులు తిప్పే యంత్రాంగం. అటాక్ అంటే శిఖరానికి చేరే సమయం, డికే అంటే అక్కడినుంచి దిగే సమయం. సస్టెయిన్ అంటే మీట నొక్కి ఉంచినంతసేపూ నిలిచే మట్టం, రిలీజ్ అంటే మీట వదిలాక ఆరిపోయే సమయం. మూడూ సమయాలు, సస్టెయిన్ ఒక్కటే మట్టం అని గుర్తుంచుకుంటే తికమక ఉండదు.

మొదట వాల్యూమ్‌ను నడిపే `Amp EG` చూద్దాం. అటాక్ 3 మిల్లీసెకన్లు, డికే 300, సస్టెయిన్ 80 శాతం, రిలీజ్ 50 మిల్లీసెకన్లు పెట్టండి. అటాక్‌ను సున్నా చేస్తే తరంగం మధ్యలోంచి ఒక్కసారిగా ఎగిరి స్వరం ముందు 'టిక్' అంటుంది. రిలీజ్ మరీ చిన్నదైతే చివర్లోనూ అదే చప్పుడు వస్తుంది. 55 హెర్ట్జ్‌లో ఒక్కో ఆవృత్తికి 18 మిల్లీసెకన్లు పడుతుంది. 5 మిల్లీసెకన్ల రిలీజ్ ఆవృత్తి సగం కూడా కాకముందే దాన్ని తెంపేస్తుంది. 50 ఇస్తే రెండు మూడు ఆవృత్తుల్లో మెత్తగా దిగుతుంది.

అసలు పని `Filter EG` చేస్తుంది. అటాక్ సున్నా, డికే 200 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా, రిలీజ్ 50. ఇది కటాఫ్‌ను ఎంత ఎత్తుకు తోయాలో చెప్పే స్లైడర్ పక్కనే ఉంటుంది. దాన్ని 36 అర్ధస్వరాలకు, అంటే మూడు స్థాయిలకు పెట్టండి. 150 మూడుసార్లు రెట్టింపైతే 1200. స్వరం నొక్కగానే కటాఫ్ 1200 హెర్ట్జ్‌కు ఎగిరి, ఇరవై ఒక్క హార్మోనిక్స్‌ను బయటికి వదిలి, 200 మిల్లీసెకన్లలో తిరిగి 150కి దిగుతుంది. ఇందాకటి మొద్దు ధ్వనికి ఇప్పుడు మొన వచ్చింది. మీటిన తీగలా మొదట గరగర, తర్వాత లోతు.

ఇక్కడ మిగతా నాబులన్నీ వదిలేసి డికే ఒక్కటే తిప్పుతూ వినండి. 40 మిల్లీసెకన్ల దగ్గర 'టుక్' అనే చిన్న దెబ్బ తప్ప రంగేమీ వినపడదు. 200 దగ్గర 'ధుమ్' అని నిండుగా దిగుతుంది. 600కు తీసుకెళ్తే 'వావ్' అని సాగుతుంది, మూసుకునేలోపే 300 మిల్లీసెకన్ల స్వరం అయిపోతుంది. దాంతో ప్రతి స్వరమూ ప్రకాశంగానే తెగిపోయి బేస్ వరస హడావిడిగా వినిపిస్తుంది. స్వరం నిడివిలో మూడింట రెండొంతుల దగ్గర డికే పెట్టి, అక్కడినుంచి చెవితో సవరించుకోవడం మంచి పద్ధతి. పాట వేగం 140కి పెరిగితే బీటులో సగం 214 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. డికే కూడా 140 దగ్గరికి రావాలి.

ఇప్పుడు పై స్వరాలు వాయించి చూడండి. 110 హెర్ట్జ్ A దగ్గర ప్యాచ్ మరీ మొద్దుగా ఉంటుంది. కారణం, స్వరం రెట్టింపైనా కటాఫ్ 150 దగ్గరే ఉండిపోయింది. కీ ట్రాకింగ్ అనే సెట్టింగ్‌ను 50 శాతం చేస్తే స్వరం ఒక స్థాయి పెరిగినప్పుడు కటాఫ్ అర స్థాయి పెరిగి 212కు చేరుతుంది. అయితే కీ ట్రాకింగ్ తిప్పగానే కింది స్వరాల కటాఫ్ కూడా కదలవచ్చు, ఎందుకంటే చాలా సింథ్‌లు కీబోర్డు మధ్యనున్న C నుంచి లెక్క కడతాయి. కాబట్టి 55 హెర్ట్జ్ స్వరానికి తిరిగొచ్చి కటాఫ్‌ను మళ్లీ పాత ధ్వనికి సరిచేయండి.

చివరి పరీక్ష ఫోన్ స్పీకర్ మీద. అంత చిన్న స్పీకర్ 55 హెర్ట్జ్‌ను పలికించలేదు. అయినా మంచి బేస్ వరస ఫోన్‌లోనూ తెలుస్తుంది. 165, 220, 275 వినపడితే చాలు, వాటి మధ్య దూరం 55 అని మన మెదడే గ్రహించి, లేని మూల నాదాన్ని ఊహించుకుంటుంది. మన ప్యాచ్ ఫోన్‌లో మొదటి 'టుక్' మాత్రమే వినిపించి ఆ తర్వాత మాయమైతే, కటాఫ్ మరీ కిందికి దిగిందని అర్థం. దాన్ని 150 నుంచి 250కి పెంచి, ఎన్వలప్ స్లైడర్‌ను 36 నుంచి 27 అర్ధస్వరాలకు తగ్గించండి. శిఖరం ఇంచుమించు పాతచోటే ఉంటుంది, స్వరం మాత్రం చివరిదాకా వినపడుతుంది.

ప్యాచ్‌ను సేవ్ చేసేముందు దాన్ని ఒంటరిగా కాక డ్రమ్స్‌తో కలిపి వినండి. విడిగా వింటే మరీ ముదురుగా, సాదాగా అనిపించిన బేస్ చాలాసార్లు పాటలో సరిగ్గా కూర్చుంటుంది. ఇంకా పలచగా అనిపిస్తే మూడో ఆసిలేటర్ జోలికి పోకుండా ముందు ఫిల్టర్ డికేను పాట వేగానికి సరిచేయండి. ఎక్కువసార్లు లోపం దొరికేది అక్కడే.