ఆయాసం వెనుక ఏముందో చెప్పే ధమని రక్తం

ఆయాసంతో వచ్చిన రోగి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఆక్సిజన్ సంగతి ఒక్కటే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందా, లోపలే పేరుకుంటోందా అన్నది దానికి అందదు. అది తెలియాలంటే ధమని రక్తం కావాలి. మణికట్టు దగ్గర నాడి చూసే చోటే సన్నని సూది గుచ్చి, హెపారిన్ ఉన్న సిరంజిలోకి కాస్త రక్తం తీస్తారు. దీన్నే ఆసుపత్రుల్లో ఏబీజీ అంటారు. యంత్రం కొన్ని నిమిషాల్లోనే ఫలితం ఇస్తుంది. సిరంజిలో గాలి బుడగ మిగిలినా, నమూనా చాలాసేపు బల్ల మీద ఉండిపోయినా అంకెలు తప్పుతాయి.

చూడవలసినవి నాలుగు. ఆరోగ్యవంతుల్లో పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య, ఆక్సిజన్ పీడనం 80 నుంచి 100 మిల్లీమీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బనేట్ 22 నుంచి 26 ఉంటాయి.

ఆక్సిజన్ 60 కంటే పడిపోయి, కార్బన్ డయాక్సైడ్ మామూలుగానో తక్కువగానో ఉంటే అది మొదటి రకం శ్వాస వైఫల్యం. న్యుమోనియాలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు, వాటి రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు ఇలా కనిపిస్తుంది. ఒక వాయువు పడిపోయి రెండోది ఎందుకు పెరగదన్న సందేహం సహజమే. రోగి ఎగశ్వాస తీస్తున్నకొద్దీ, బాగున్న గాలితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను రెట్టింపు వేగంతోనైనా బయటికి పంపగలవు. ఆక్సిజన్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. వాటి గుండా పోయే హిమోగ్లోబిన్ అప్పటికే దాదాపు నిండి ఉంటుంది కనుక, చెడిన భాగాల లోటును అవి పూడ్చలేవు.

కార్బన్ డయాక్సైడ్ 45 దాటి పేరుకుంటుంటే రెండో రకం. ఇక్కడ లోపం గాలి ఆడించడంలోనే ఉంది. కట్లపాము కాటుకు శ్వాస కండరాలు చచ్చుబడినా, మత్తుమందు మోతాదు మించినా, ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్ తాగి సీఓపీడీ ముదిరినా ఇదే జరుగుతుంది. పేరుకున్న వాయువు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తుంది, పీహెచ్ పడిపోతుంది.

అప్పుడు కిడ్నీలు రంగంలోకి దిగి, బైకార్బనేట్‌ను నిలవచేసి ఆమ్లాన్ని సర్దుతాయి. ఆ పని పూర్తవడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ 10 పెరిగితే తొలి గంటల్లో బైకార్బనేట్ ఒకటి మాత్రమే పెరుగుతుంది. రోజులు గడిచాక దాదాపు నాలుగు పెరుగుతుంది. జబ్బు నిన్నటిదా, ఏళ్లనాటిదా అన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే దొరుకుతుంది.

సీఓపీడీ ఉన్న ఓ పెద్దాయనకు రెండు రోజులుగా దగ్గు, కఫం ఎక్కువై ఆయాసం ముదిరిందనుకుందాం. ఏబీజీలో పీహెచ్ 7.28, కార్బన్ డయాక్సైడ్ 70, ఆక్సిజన్ 52, బైకార్బనేట్ 32 వచ్చాయి. రెండో రకమేనని తెలుస్తూనే ఉంది. కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే 30 ఎక్కువ. ఇదంతా ఈ రెండు రోజుల్లోనే పెరిగి ఉంటే బైకార్బనేట్ 27 దగ్గరే ఆగేది, పీహెచ్ 7.21కు దిగజారేది. అంతా పాతదే అయితే బైకార్బనేట్ 36 దాకా, పీహెచ్ 7.33 దాకా ఉండేవి. అంకెలు రెండింటికీ నడుమ ఉన్నాయి. అంటే పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడింది. ఆయనకు మామూలు రోజుల్లోనే కార్బన్ డయాక్సైడ్ 60 దగ్గర ఉండి ఉండాలి.

బైకార్బనేట్‌ను విడిగా చూస్తే ఎంత పొరపాటు జరుగుతుందో 1952లో కోపెన్‌హేగెన్ పోలియో ఉపద్రవంలో బయటపడింది. ఊపిరాడని రోగుల రక్తంలో బైకార్బనేట్ ఎక్కువగా ఉండటం చూసి అక్కడి వైద్యులు అది క్షారగుణమనుకున్నారు. అది పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ప్రభావమని మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ వాదించాడు. పీహెచ్ కొలిస్తే రక్తం ఆమ్లంగానే ఉందని తేలింది. గొంతులో గొట్టం అమర్చి, వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో సంచి నొక్కుతూ గాలి ఆడించాక మరణాలు బాగా తగ్గాయి.

ఆస్తమాలో చిక్కు వేరు, అక్కడ మోసం చేసేది మామూలు అంకె. ఉబ్బసం ఎత్తుకున్న తొలి దశలో రోగి వేగంగా ఊపిరి తీస్తాడు కనుక కార్బన్ డయాక్సైడ్ 30 దాకా తగ్గుతుంది. మందులు వేసినా ఆయాసం తగ్గని మనిషిలో అదే అంకె 40కి వస్తే కుదుటపడ్డాడని సంబరపడకూడదు. కండరాలు అలసిపోతున్నాయని, కాసేపట్లో రెండో రకంలోకి జారవచ్చని దాని అర్థం.

పెద్దాయనకు ఆక్సిజన్ ఇవ్వాల్సిందే, కానీ అదుపులో. ఆక్సీమీటరులో 88 నుంచి 92 శాతం చాలు. అంతకు మించి ధారాళంగా పెడితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగవచ్చు. మందులిచ్చినా పీహెచ్ 7.35 లోపే ఉంటే ముఖానికి మాస్కు బిగించి యంత్రంతో గాలి ఆడిస్తారు. గంట గడిచాక మళ్లీ ఏబీజీ తీస్తారు. అందులో కార్బన్ డయాక్సైడ్ 60కి, పీహెచ్ 7.34కు చేరితే దారిలో పడ్డట్టే. పుస్తకంలోని 40 కోసం యంత్రాన్ని ఇంకా పెంచితే, కిడ్నీలు కూడబెట్టిన బైకార్బనేట్ అలాగే ఉండిపోయి పీహెచ్ 7.5 దాటుతుంది.