బర్మా సంక్రాంతిలో దారి తప్పిన ఙకారం

ఏప్రిల్ నడుమ మయన్మార్‌లో నీళ్లు చల్లుకునే కొత్త సంవత్సరం పండుగ వస్తుంది. పేరు థింగ్యాన్. పలుకు ఎంత అరిగిపోయినా రాత మాత్రం పుట్టుకను దాచుకోలేదు. అక్షరాలు కూడబలుక్కుంటే అది మన సంక్రాంతే: ముందు స, తర్వాత క, ఆ కకు క్రావడి, దాని నెత్తిన చిన్న ఙకారం, చివర నకారపొల్లు. పాత ఫాంట్‌లో టైపు చేసిన బర్మీస్ పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చేవాళ్లను ఈ ఒక్క మాట ఎన్ని రకాలుగా ఏడిపిస్తుందో చూస్తే, మిగతా పుస్తకం సంగతి ఊహించుకోవచ్చు.

పాత ఫాంట్ పేరు జోగ్యీ. బర్మా జానపద కథల్లో అడవుల్లో తిరిగే రసవాది పేరు అది. బర్మీస్ లిపి 1999లోనే యూనికోడ్‌లో చేరింది. కానీ కంప్యూటర్లు దాన్ని సరిగ్గా పేర్చి చూపించే ఏర్పాటు చాలా ఆలస్యంగా వచ్చింది. విండోస్‌తో పాటే బర్మీస్ ఫాంట్ రావడం 2012 నాటి విండోస్ 8తోనే. జనం అంతవరకు ఆగలేదు. కంటికి సరిగ్గా కనిపిస్తే చాలనుకుని జోగ్యీని పట్టుకున్నారు. ప్రభుత్వం 2019 అక్టోబరు 1న అధికారికంగా యూనికోడ్‌కు మారేనాటికి జోగ్యీలో రాసినది కొండంత పేరుకుపోయి ఉంది.

మన దగ్గర అను ఫాంట్లతో పనిచేసిన డీటీపీ వాళ్లకు ఇది తెలిసిన తలనొప్పిలాగే అనిపిస్తుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. అను ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. ఇది తెలుగు కాదని పసిపిల్లలైనా చెబుతారు. జోగ్యీ అలా వేరే అక్షరాల చోటు వాడుకోలేదు. యూనికోడ్ బర్మీస్‌కు ఇచ్చిన చోట్లోనే కూర్చుని, అవే సంఖ్యలకు వేరే అర్థాలు పెట్టుకుంది. అందుకే పాడైన పాఠం కూడా బర్మీస్‌లాగే కనిపిస్తుంది.

థింగ్యాన్ అనే మాట రెండు పద్ధతుల్లో ఎలా నిలవ ఉంటుందో ఇదిగో. జోగ్యీలో రాసేవాళ్ల అలవాటును బట్టి చిన్న తేడాలు ఉంటాయి; ఇది మామూలుగా కనిపించే రూపం.

```
Zawgyi : 101E 107E 1000 1064 1014 1039
Unicode: 101E 1004 103A 1039 1000 103C 1014 103A
```

పై వరుస కంటికి కనిపించే క్రమం. బర్మీస్ క్రావడి హల్లును ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి జోగ్యీలో అది (107E) కకారం (1000) కంటే ముందే వచ్చింది. నెత్తిన కూర్చునే ఙకారాన్ని బర్మాలో కింజీ అంటారు. జోగ్యీలో అది (1064) కకారం తర్వాత వచ్చింది. చివరి 1039 పొల్లు.

కింది వరుస పలికే క్రమం. కింజీ నిజానికి కకారం కంటే ముందు పలికే ధ్వని. పాత తెలుగు అచ్చుల్లో ధర్మమును ధమ౯ము అని రాసేవారు. ముందు పలికే రేఫను తర్వాత గుర్తుగా పెట్టే వలపలగిలక అది. కింజీ దానికి దగ్గరి చుట్టమే. యూనికోడ్ కంటిని నమ్మకుండా నోటిని నమ్ముతుంది. ఙ, పొల్లు, కింద పేర్చమని చెప్పే గుర్తు, ఈ మూడూ (1004 103A 1039) ముందు వచ్చి, ఆ తర్వాత క, దాని వెనక క్రావడి (103C) రావాలి.

కాబట్టి మార్పిడి అంటే ఒక సంఖ్య తీసి ఇంకో సంఖ్య పెట్టడం కాదు, గుర్తుల చోట్లు కూడా మార్చాలి. సంఖ్యలు మార్చి చోట్లు మార్చడం మరిచిన సాధనం కింజీని కకారం వెనకే వదిలేస్తుంది. అప్పుడది ముందు అక్షరాన్ని వదిలి, వెనకనున్న నకారం నెత్తినెక్కుతుంది. తెర మీద ఎక్కడా చుక్కల సున్న కనిపించదు. బర్మీస్ రాని టైపిస్టుకు అంతా సవ్యంగానే ఉంటుంది.

చుక్కల సున్న అంటే, ఆనుకోవడానికి హల్లు దొరకని గుణింతపు గుర్తు కింద కంప్యూటర్ వేసే బొమ్మ. మార్పిడి తర్వాత అందరూ మొదట వెతికేది దాన్నే. వెతకడం మంచిదే, కానీ అది దొంగల్లో అమాయకుడు, తానే దొరికిపోతాడు. దానికంటే ముందు జోగ్యీ తన సొంతానికి వాడుకున్న సంఖ్యలు ఎక్కడైనా మిగిలాయేమో చూడాలి.

```
[\u1033\u1034\u105A\u1060-\u1097]
```

ఈ సంఖ్యలకు యూనికోడ్‌లో అసలు యజమానులు వేరే ఉన్నారు. 107E షాన్ భాషలో ఫకారం, 1064 స్గా కరెన్ భాషలో స్వరస్థాయి గుర్తు. అచ్చమైన బర్మీస్ పుస్తకంలో అవి కనిపిస్తే జోగ్యీ చెత్త మిగిలిందన్నమాట. పుస్తకంలో షాన్ పాటో కరెన్ ఊరి పేరో ఉంటే మాత్రం తొందరపడి చెరపకూడదు. అది చెత్త కాదు, ఇంకొకరి భాష.

ఈ వల కూడా పట్టుకోలేనిది ఒకటుంది, మార్చిన పాఠాన్నే మళ్లీ మార్చడం. పుస్తకంలో ముందుమాట యూనికోడ్‌లో, లోపలి భాగం జోగ్యీలో ఉన్నాయనుకోండి. మొత్తం ఫైలును మార్పిడి సాధనంలో వేస్తే ముందుమాట పాడవుతుంది. యూనికోడ్‌లో మయన్మార్ అనే పేరు ఇలా ఉంటుంది. దాన్ని జోగ్యీ అనుకుని మార్చితే కింది వరుస అవుతుంది.

```
1019 103C 1014 103A 1019 102C
1019 103D 1014 103B 1019 102C
```

103C అంటే యూనికోడ్‌లో క్రావడి, జోగ్యీలో వకారపు వత్తు. 103A యూనికోడ్‌లో పొల్లు, జోగ్యీలో యవత్తు. దాంతో దేశం పేరు మ్వన్యమా అయి కూర్చుంటుంది. వత్తులన్నీ చక్కగా అతికి ఉంటాయి, చుక్కల సున్న లేదు, పరాయి సంఖ్య లేదు. దీన్ని పట్టుకునే ఉపాయం చాలా మోటుది. పేరాకు ఎన్ని పొల్లులున్నాయో లెక్కపెట్టాలి. బర్మీస్‌లో పొల్లు లేకుండా నాలుగు మాటలు రాయడం కష్టం. ఒక పేరాలో 103A ఒక్కటీ లేకపోతే అది రెండుసార్లు మారిందన్నమాటే.

అందుకే మార్చేముందు పేరా పేరాకూ ఇది ఏ పద్ధతి అని విడిగా తేల్చుకోవాలి. గూగుల్ బయటపెట్టిన myanmar-tools అక్షరాల వరుసను చూసి జోగ్యీ అయ్యే అవకాశమెంతో అంచనా కడుతుంది. పెద్ద పేరాల మీద బాగా పనిచేస్తుంది. ఒకటి రెండు మాటల శీర్షికల దగ్గర, బొమ్మల కింది వ్యాఖ్యల దగ్గర తడబడుతుంది, అది దాని తప్పేమీ కాదు. హల్లు, దీర్ఘం మాత్రమే ఉన్న చిన్న మాటలకు రెండు పద్ధతుల్లోనూ ఒకటే సంఖ్యలు.

అలా యూనికోడ్ అనుకుని మార్చకుండా వదిలేసిన శీర్షికలోనే వత్తుల చిక్కు బయటపడుతుంది. జోగ్యీలో 1039 కనిపించే పొల్లు. యూనికోడ్‌లో అదే సంఖ్య, తర్వాతి హల్లును కింద వత్తుగా పెట్టమనే ఆజ్ఞ. మార్చకుండా మిగిలిన దేశం పేరులో నకారపొల్లు పోయి, నకారం కింద మవత్తు వేలాడుతుంది. తెలుగు కంటికి న్మ అంటే జన్మలో ఉన్నదే కదా అనిపిస్తుంది. బర్మీస్‌లో అది చెల్లదు.

చెల్లనిదని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? బర్మీస్‌లో వత్తులు ఎక్కువగా పాళీ నుంచి వచ్చిన మాటల్లోనే ఉంటాయి. పాళీ వత్తులు చాలావరకు వర్గం దాటవు. క్క, క్ఖ, చ్చ, త్త, ద్ధ, న్త, మ్భ ఇలా ఒకే వర్గంలోని జంటలు, లేదా ల్ల లాంటి ద్విత్వాలు. మన వర్గాక్షరాల పట్టికే వాళ్లదీ. అందుచేత పుస్తకంలోని జంటలన్నిటినీ ఏరి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో పట్టిక వేస్తారు.

```
[\u1000-\u1021]\u1039[\u1000-\u1021]
```

పుస్తకం ఎంత పెద్దదైనా పట్టిక చిన్నదిగానే వస్తుంది. వందలసార్లు వచ్చిన జంటలు పైన ఉంటాయి. వర్గం దాటి, ఒకటి రెండుసార్లే వచ్చినవి అడుగున చేరతాయి. పని చేయాల్సింది ఆ అడుగు మడ్డి మీదే. కింజీలకు వేరే పట్టిక వేయాలి, ఎందుకంటే అవి వర్గనియమానికి లొంగవు. ఓడ అనే మాటలో కింజీ భకారం మీద, సోమవారంలో లకారం మీద న్యాయంగానే ఉంటుంది. నకారం మీద ఒకే ఒక్కచోట కనిపిస్తే మాత్రం అది మన దారి తప్పిన సంక్రాంతి అయ్యుంటుంది.

వత్తుకు ఎత్వం తోడైతే ఇంకో మెలిక. తమిళంలోలాగే బర్మీస్‌లోనూ ఎత్వం హల్లుకు ఎడమన కనిపిస్తుంది. జోగ్యీలో ముందే టైపు చేస్తారు, యూనికోడ్‌లో హల్లు తర్వాతికి జరపాలి. ఎంత దూరం జరపాలన్నదే ప్రశ్న. పాళీలో బుద్ధో అనే మాట చూడండి. బర్మీస్‌లో ఓత్వం అంటే ఎత్వం, దీర్ఘం కలిసినదే.

```
Zawgyi : 1017 102F 1031 1012 1076 102C
Unicode: 1017 102F 1012 1039 1013 1031 102C
```

ఎత్వం (1031) దకారాన్ని, దాని కింది ధవత్తును రెంటినీ దాటాలి. దకారం దాటగానే ఆగిపోతే జంట మధ్యలో ఇరుక్కుని వత్తు విరిగిపోతుంది. అలాగని వెనకున్న అక్షరానికి తగిలించినా తప్పే. మాండలే ఊరి పేరులో న్త తర్వాత వచ్చే ఎత్వం లకారానిది. దాన్ని వెనక్కి లాగితే తిలక్‌ను నిర్బంధించిన ఊరు మంతేల అయిపోతుంది.

కంటికి బొత్తిగా కనిపించని తప్పులూ ఉన్నాయి. బర్మీస్‌లో అడుగడుగునా వచ్చే కో అనే విభక్తిలో ఒకే కకారానికి పైన గుడి, కింద కొమ్ము ఉంటాయి. ఏది ముందు టైపు చేసినా జోగ్యీలో బొమ్మ ఒకటే. యూనికోడ్‌లో గుడి ముందు, కొమ్ము తర్వాత. తిరగబడి మిగిలినవి ఉంటే, వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. యూనికోడ్ సొంత క్రమబద్ధీకరణ కింది చుక్కను, పొల్లును వరుసలో పెడుతుంది గానీ గుడి కొమ్ముల జోలికి రాదు. గుడి ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడ్డ చోట్లూ ఇంతే. పాత ఫాంట్‌లో రెండూ కలిసి ఒకటిగా కనిపించాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇన్ని నియమాలు రాసుకున్నాక, నియమం తప్పినవన్నీ ఒక్క వేటుకు సరిచేద్దామనిపిస్తుంది. అక్కడే ఆగాలి. మగవాడు అనే మాటలో పొల్లు తర్వాత యవత్తు వస్తుంది, నేను అనే ఒక గంభీరమైన రూపంలో పొల్లు తర్వాత కొమ్ము వస్తుంది. రెండూ నియమానికి విరుద్ధం, రెండూ సరైన రాతే. అందుకే వెతకడం కంప్యూటర్‌కు, దిద్దడం మనిషికి. ఆ మనిషి పక్కన జోగ్యీ ఫాంట్‌తోనే తీసిన పాత పేజీల పీడీఎఫ్ ఉండాలి.

అంకెల విషయంలో ఆ మనిషికీ పీడీఎఫ్ సాయం చేయదు. బర్మీస్ సున్న, వకారం రెండూ గుండ్రాలే. ఏడు అంకె, రకారం కవలల్లా ఉంటాయి. చేతికి దగ్గరగా ఏ మీట ఉంటే అది కొట్టి వదిలేసినవారు ఎందరో. ఇరుపక్కలా అక్షరాలుంటే అది అంకె కాదని సాధనం సులువుగానే మార్చేస్తుంది. విడిగా నిలబడ్డ ఏడు మాత్రం ఇంటి నంబరో, ఒక మాట మొదలో, వాక్యం మొత్తం చదివితే గానీ తేలదు.